పక్కోని పప్పును తిట్టకుండ మన పప్పును పోల్చి చెప్పుడెట్ల



కంది కోతలు అయిపోయినయి. ఈసారి మన జహీరాబాద్ దిక్కు చాలామంది కందులన్నీ యార్డుకు వేయకుండ కొన్ని ఆపుకొని, పప్పు పట్టించి, వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టి అమ్ముతున్నరు. హైదరాబాద్‌లో ఉన్న మన పిల్లల అపార్టుమెంట్లకు కూడా పోతున్నది. మంచి పని. కాని ఆ పోస్టులు చదువుతుంటే అన్నీ ఒకే తీరున కనిపిస్తున్నయి. మొదటి నాలుగు లైన్లు బయట పప్పును తిట్టుడు, ఆఖరి లైను ఫోన్ నంబరు. మన పప్పు గురించి చెప్పింది మాత్రం చాలా తక్కువ ఉంటున్నది.

మా తమ్ముని కొడుకు కూడా ఇట్లనే ఒక పోస్టు రాసి, పెట్టే ముందు నాకు పంపిండు. "పెద్దనాయినా, ఒకసారి చూడు" అన్నడు. మేమిద్దరం కూసొని దాన్ని లైను లైను చూసినం. ఆ లెక్కంతా ఇక్కడ రాస్తున్న. పప్పు అమ్మేటోళ్లకే కాదు, బెల్లం, అల్లం, కొర్రలు అమ్మేటోళ్లకు కూడా అక్కరకు వస్తది.

పిల్లగాడు రాసింది ఇది:

"బయట దొరికే కందిపప్పంతా నూనె, రంగు పట్టించిందే. తింటే రోగాలు. కంపెనీ పప్పు ఆరు విజిళ్లు వచ్చినా ఉడకదు, మాది రెండు విజిళ్లకే వెన్న. షాపులో కిలో 190, మా దగ్గర 165 మాత్రమే. అసలైన తాండూరు రుచి."

చదవనీకె బాగనే ఉన్నది. కాని ఇందులో ఒక్క లైను కూడా అడిగితే నిలబడదు.

మొదటి లైను: "బయట పప్పంతా"

నేను వాన్ని ముందుగాల ఒక్కటే అడిగిన. "పోయిన ఏడు మన కందులు ఎక్కడికి పోయినయ్ రా?" యార్డుకు పోయినయి. యార్డు నుంచి వ్యాపారి కొన్నడు, ఆయన పప్పు మిల్లుకు పంపిండు, మిల్లు నుంచి ప్యాకెట్ల, సంచుల రూపంలో దుకాణానికి వచ్చింది. బయట పప్పు అని మనం తిడుతున్న దాంట్లో మన చేనుదే కొంత ఉన్నది. ఈ ఏడు కూడా మనం పది క్వింటాళ్లలో రెండు ఆపుకొని ఎనిమిది యార్డుకే వేసినం. ఆ ఎనిమిది క్వింటాళ్ల పప్పు తింటే రోగాలు వస్తయని మనమే రాసుకుంటే ఎట్ల? ఊర్లో పప్పు పట్టించుకోలేని రైతు ఇంకా ఎక్కువ మంది. వాళ్ల పంటంతా ఆ దారిలోనే పోతది. మనం ఆ దారిని విషమన్నమంటే వాళ్ల కందుల ధర మీద కూడా రాయి వేసినట్టే.

ఇంక నూనె ముచ్చట. కంది పొట్టు గింజకు గట్టిగ అంటుకొని ఉంటది. మధ్యల బంక లాంటి పొర ఉంటది. శనగ లెక్క సులువుగ ఊడదు. అందుకే మిల్లులో ముందు గింజ పొట్టు మీద గీతలు పెట్టి, కొద్దిగ నూనె రాసి, కుప్పపోసి నానబెట్టి, ఎండబెట్టి, అప్పుడు మరలో వేస్తరు. మన పెద్దోళ్లు నీళ్లలో నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, ఎండబోసి ఇసుర్రాయిల ఇసిరేది. రెండూ పొట్టు వదిలించే పద్ధతులే. మేము పట్టించిన చిన్న మరలో కూడా పొట్టు ఊడనీకె నూనె రాసిండ్రు. మరి "బయట పప్పుకు నూనె పట్టిస్తరు" అని రాస్తే మన పప్పు సంగతేంది?

పాలిష్ అనేది వేరే. పప్పు అయినంక మెరుపు కోసం ఇంకోసారి నీళ్లో, నూనెనో చల్లి రుద్దుతరు. అది కొందరు చేస్తరు, కొందరు చేయరు. దుకాణాల్లో పాలిష్ లేని పప్పు కూడా ప్యాకెట్లలో దొరుకుతున్నది. రంగు కలుపుడు అయితే నేరం. పప్పుల్లో రంగు కలపనీకె చట్టం ఒప్పుకోదు. ఏదన్న దుకాణం పప్పు కడిగితే నీళ్లు పచ్చగ దిగి అనుమానం వస్తే, దానికి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ ఉన్నడు, నమూనా తీసి ల్యాబుకు పంపుతడు. ఆ అనుమానాన్ని మన పప్పు అమ్మే పోస్టులో పెట్టి, ఊరి దుకాణాలన్నిటికీ అంటగట్టుడు వేరే పని.

"మేము ఎవ్వరి పేరూ రాయలే కదా పెద్దనాయినా, ఎవరు అడుగుతరు?" అన్నడు వాడు. ఈ మాట చాలామంది అంటరు. దీనికి మనందరికీ ఎరుకైన రెండు కేసులు ఉన్నయి.

ఒకటి బట్టల నీలిది. రాబిన్ బ్లూ, ఉజాలా రెండూ మన ఇండ్లల్ల వాడినవే. 1990లలో ఉజాలా వాళ్లు ఒక ప్రకటన చేసిండ్రు. అందులో రాబిన్ బ్లూ పేరు లేదు. కాని చూపెట్టిన నీలి డబ్బా ఆకారం చూస్తే అది ఎవరిదో తెలిసిపోతది. ఆ నీలి ఎక్కువ ఖర్చు అని, బట్టల మీద మరకలు పెడుతదని చెప్పిండ్రు. రాబిన్ బ్లూ కంపెనీ కలకత్తా హైకోర్టుకు పోయింది. కోర్టు ఆ ప్రకటనను ఆపింది. ఆ తీర్పులో చెప్పిన మాట ఇప్పటికీ మన దేశంలో ఇట్లాంటి కేసులన్నిట్ల ఎత్తుతరు. సారం ఏందంటే, నీ సరుకు మంచిదని చెప్పుకో, అవతలి దానికంటే నీది ఎందులో మేలో పోల్చి చూపెట్టు, కాని పోల్చే పేరు మీద అవతలి సరుకు చెడ్డదని చెప్పకు.

రెండోది చ్యవన్‌ప్రాశ్‌ది. ఇమామీ వాళ్లు ఎండకాలం తినే అమృతప్రాశ్ అని ఒకటి అమ్మేటోళ్లు. ఎండకాలం చ్యవన్‌ప్రాశ్ మర్చిపోండ్రి, ఇది తినండ్రి అన్నట్టు ప్రకటన ఇచ్చిండ్రు. ఏ కంపెనీ పేరూ లేదు, ఏ డబ్బా ఆకారమూ లేదు. అయినా చ్యవన్‌ప్రాశ్ ఎక్కువగ అమ్మే డాబర్ వాళ్లు ఢిల్లీ హైకోర్టుకు పోయిండ్రు. 2004లో కోర్టు ఆ ప్రకటనను కూడా ఆపింది. ఒక్కరి పేరు పెట్టి తిట్టకున్నా, ఆ రకం సరుకునంతా తిడితే, అది అమ్మేటోళ్లందరినీ తిట్టినట్టే అని తేలింది. మనోడు రాసిన "బయట పప్పంతా" అచ్చం ఇదే.

మన మీద ఏ కంపెనీ కోర్టుకు పోదు, మనం చిన్నోళ్లం, నిజమే. కాని 2019 వినియోగదారుల చట్టంలో ప్రకటన అంటే టీవీ, పేపరే కాదు, ఇంటర్నెట్‌లో పెట్టేది కూడా లెక్కకొస్తది. అంతకంటే దగ్గరి సంగతి ఒకటి ఉన్నది. మన ఊరి సేటు దుకాణంలో మనం ఉద్దెర తెచ్చుకుంటం. ఆయన కొడుకు ఫోన్లో కూడా మన పోస్టు కనిపిస్తది.

ఆ లైను తీసేసి ఇట్ల రాయించిన: "పొట్టు ఊడేందుకు కొద్దిగ నూనె రాసి చిన్న మరలో పట్టించినం. ఆ తర్వాత మెరుపు కోసం పాలిష్ పట్టించలేదు. రంగు కలపలేదు." మూడూ మన పప్పు గురించి, మూడూ మన కండ్ల ముందు జరిగినవి. పాలిష్ పప్పు వద్దనుకునేటోడు దీన్ని చదివి తానే తేల్చుకుంటడు.

రెండో లైను: విజిళ్లు

"కంపెనీ పప్పు ఆరు విజిళ్లకు ఉడకదు" అని ఎట్ల తెలుసురా అంటే, "అమ్మ అంటది" అన్నడు. ఏ కంపెనీ పప్పు, ఏ నీళ్లు, ఎంతసేపు నానబెట్టింది, కొత్తదా పాతదా, ఏదీ తెల్వదు. అయితే చేసి చూద్దాం అనుకున్నం.

మూడు పప్పులు తెచ్చినం. ఒకటి మాది. రెండోది జహీరాబాద్ కిరాణంలో కొన్న విడి పప్పు. మూడోది పాలిష్ లేదని రాసి ఉన్న కంపెనీ ప్యాకెట్. మూడూ వంద వంద గ్రాములు తూకం వేసి, రెండుసార్లు కడిగి, అరగంట నానబెట్టి, మూడు ఒక్క తీరు స్టీలు గిన్నెల్లో పోసి, ఒక్కో గిన్నెకు ఒకటే కొలత నీళ్లు పోసినం. మూడు గిన్నెలు ఒక్క పెద్ద కుక్కర్లోనే పెట్టినం. వేరే వేరే కుక్కర్లయితే మంట తేడా వస్తది, విజిల్ తేడా వస్తది. ఒక్కటే కుక్కరయితే మూడింటికీ అదే వేడి, అదే టైము. నాలుగు విజిళ్లు రానిచ్చి, ఆవిరి మొత్తం దిగినంక మూత తీసినం.

గిన్నెల కింద మా మరదలు సున్నంతో గుర్తులు పెట్టింది. ఏ గిన్నెలో ఏ పప్పో మా ఇంటామెకు చెప్పలే. ఆమె ఒక్కో గిన్నె నుంచి ఇరవై బద్దలు తీసి, రెండు వేళ్ల మధ్య నొక్కి చూసింది. మొత్తం మెత్తగ అయితే ఉడికినట్టు, మధ్యల గట్టిగ పలుకు తగిలితే ఉడకనట్టు. మొదటి రోజు ఫిల్టర్ నీళ్లు వాడినం. మా పప్పు ఇరవైకి ఇరవై మెత్తగైనయి. ప్యాకెట్ పప్పు కూడా ఇరవైకి ఇరవై. విడి పప్పు పదిహేడు.

తెల్లారి అదే పని బోరు నీళ్లతో చేసినం. మాది పదమూడు, ప్యాకెట్‌ది పద్నాలుగు, విడి పప్పు పదకొండు.

ఇప్పుడు చూడండ్రి. పప్పుకు పప్పుకు ఉన్న తేడా కంటే నీళ్లకు నీళ్లకు ఉన్న తేడానే ఎక్కువ. మన బోర్లల్ల ఉప్పుదనం, సున్నం ఎక్కువ. ఆ నీళ్లల్ల ఏ పప్పయినా ముదురుతది. మా మరదలు దుకాణం పప్పును బోరు నీళ్లతో వండి, ఇంటి పప్పును మొన్న ఫిల్టర్ నీళ్లతో వండితే, కంపెనీ పప్పు ఉడకదనే అనిపిస్తది. ఆమె అబద్ధం చెప్పలే. కాని పోల్చినప్పుడు రెండింటికీ ఒకే నీళ్లు లేవు.

ఇంకో తిరకాసు ఉన్నది. విడి పప్పు మూడు బద్దలు తక్కువ ఉడికింది కదా, "దుకాణం పప్పు కంటే మాది మంచిగ ఉడుకుతది" అని రాయొచ్చా? ఆ పప్పు ఎప్పటి పంటదో మనకు తెల్వదు. పప్పు పాతబడ్డకొద్దీ ఉడకనీకె ఎక్కువ సేపు పడుతది. మనది నెల కిందటి పంట. పోయినేటి పప్పును పక్కన పెట్టి మన కొత్త పప్పు గెలిచిందంటే అది పప్పు గొప్పతనం కాదు, కొత్తదనం గొప్ప. వచ్చే దసరా వరకు మన దగ్గర మిగిలిన పప్పు కూడా అట్లనే అయితది. కొత్త పప్పును కొత్త పప్పుతోనే పోల్చాలె.

రుచి కూడా చూపిచ్చినం. పక్కింటోళ్లు ముగ్గురికి ఏది ఏదో చెప్పకుండ పెడితే, ఇద్దరు మాది బాగుందన్నరు, ఒకరు ప్యాకెట్‌దన్నరు. ముగ్గురి నోటి మాట మీద "రుచిలో మాదే మేటి" అని రాసేంత బలం లేదు. అందుకే రుచి ముచ్చట పోస్టులో పెట్టలేదు. రుచి బాగుందని కొన్నోళ్లు వాళ్లే రాస్తే అది వాళ్ల మాట.

విజిళ్ల లైను ఇట్ల మారింది: "అరగంట నానబెట్టి, ఫిల్టర్ నీళ్లతో, నాలుగు విజిళ్లకు మెత్తగ ఉడికింది. బోరు నీళ్లయితే ఇంకో రెండు మూడు విజిళ్లు పెట్టుకోండ్రి." దీంట్ల కంపెనీ లేదు, వెన్న లేదు. కాని కొన్న అక్క ఇంట్ల పప్పు ఉడకకపోతే మనకు ఫోన్ చేసి తిట్టే పని తప్పుతది. రెండు విజిళ్లకే ఉడుకుతదని రాసినోళ్లకు మొదటి ఫోన్ అదే వస్తది.

మూడో లైను: ధర

"షాపులో 190, మా దగ్గర 165." రెండు అంకెలూ నిజమే. కాని కలిపి పెడితే మోసం ఉన్నది, అది ఎక్కడుందో చూడాలె.

190 రూపాయలది పాలిష్ లేని కంపెనీ ప్యాకెట్. అదే దుకాణంలో విడి పప్పు 150కే ఉన్నది. "షాపులో" అని ఒక్క మాట రాసి, అందులో ఖరీదైన దాన్ని మాత్రమే పట్టుకున్నడు. మనది పాలిష్ లేని పప్పు కాబట్టి పాలిష్ లేని ప్యాకెట్‌తో పోల్చుడు న్యాయమే, కాని అప్పుడు ఆ సంగతి రాయాలె. షాపులో పప్పంతా 190 అని చదివేటోనికి అనిపించకూడదు.

రెండోది, 190 అనేది దుకాణం మెట్టు మీద చేతికొచ్చే ధర. 165 అనేది మన ఇంటి గడపల ధర. హైదరాబాద్‌లో ఉన్న అక్కకు ఒక్క కిలో కొరియర్ చేస్తే 60 రూపాయలు అయినయి. అంటే 225. ప్యాకెట్ కంటే 35 ఎక్కువ. అయిదు కిలోల సంచి బస్సు కార్గోల వేస్తే 100 అయింది. 165 లెక్కన 825, కార్గో 100, మొత్తం 925. కిలోకు 185 పడింది. అయిదు ప్యాకెట్లు 950. తేడా 25 రూపాయలు, అది కూడా ఆమె కార్గో ఆఫీసుకు పోయి తెచ్చుకుంటేనే.

పిల్లగాని మొఖం చిన్నబోయింది. "మరి మనదేం అగ్వ పెద్దనాయినా?" అన్నడు. అగ్వ కాదని తెలిస్తే అగ్వ అని అమ్మకు. అయిదు కిలోలకు తక్కువ కావాల్సినోళ్లకు మన దగ్గర కొనుడు గిట్టదు. ఆ మాట ముందే రాస్తే, కిలో ఆర్డర్ల కోసం వచ్చి రేటు విని వెనుకకు పోయే ఫోన్లు తగ్గుతయి. నలుగురు కలిసి ఇరవై కిలోలు తెప్పించుకునే అపార్టుమెంటోళ్లు వస్తరు. వాళ్లే మనకు కావాల్సిన గిరాకీ.

ధర రాస్తే తారీఖు కూడా రాయాలె. పప్పు ధర నెల నెలకు మారుతది. జనవరిలో పెట్టిన పోస్టు జూన్‌లో ఎవరో షేర్ చేస్తే, అప్పటికి దుకాణంలో ధర మారిపోయి ఉంటది. మన పోలిక అబద్ధం అయితది, మనం కొత్తగ ఏం రాయకున్నా.

నాలుగో లైను: తాండూరు

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు, గుర్తించిన ఆ ప్రాంతంల పండిన కందికే చెందుతది. మన చేను జహీరాబాద్ మండలంల ఉన్నది. దగ్గరి ఊరే కదా, నేల కూడా అట్లాంటిదే కదా అంటే కుదరదు. "తాండూరు రుచి" అనేది పోలిక లెక్క కనిపిస్తది కాని, అది వేరేటోళ్ల పేరును వాడుకునుడు. "తాండూరు కంటే మేలు" అంటే పోలిక పేరు మీద వాళ్లను తక్కువ చేసుడు. రెండూ వద్దు. "జహీరాబాద్ మండలం, నల్లరేగడి, వానాకాలం పంట" అని రాస్తే చాలు. ఈ నేల పేరు చెప్పుకోనీకె మనకేం సిగ్గు? పస్తాపూర్ డీడీఎస్ సంఘాల అక్కలు ఇదే నేల మీద చిరుధాన్యాలు పండించి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ తెచ్చుకున్నరు.

ఇంకో మాట. కంపెనీ పేరు అసలు ఎత్తొద్దా అని కొందరు అడుగుతరు. ఎత్తొచ్చు, నిజం మాత్రమే చెప్పితే, రుజువు దగ్గర ఉంటే. కాని వాళ్ల ప్యాకెట్ ఫోటో పెట్టి దాని మీద ఎర్ర గుర్తు కొట్టుడు, వాళ్ల లోగో వాడుడు చేయొద్దు. వాళ్ల గుర్తును వాళ్ల పరువు తీయనీకె వాడితే ట్రేడ్‌మార్క్ చట్టం కిందికి వస్తది. నా మట్టుకు పేరు లేకుండ "పాలిష్ లేని ప్యాకెట్ పప్పు" అని రకం పేరు రాస్తే మనసుకు నిమ్మళం.

అవతలిది మేలైన కాడ కూడా రాయాలె

మన దేశంలో ప్రకటనల మంచి చెడ్డ చూసే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ అని ఒకటి 1985 నుంచి ఉన్నది. కంపెనీలు కలిసి పెట్టుకున్న సంస్థ. దాని నియమావళిలో పోలిక గురించి చెప్పిన దాంట్ల నాకు ముఖ్యమనిపించింది ఒకటున్నది. మన సరుకు గెలిచే అంశాలనే ఏరి, అవతలిది గెలిచే అంశాలను దాచి, లేని పైచేయి చూపెట్టొద్దు. మా పోస్టును ఆ కండ్లతో చూస్తే ఇంకా మూడు సంగతులు రాయాల్సి వచ్చింది.

మిల్లుల పప్పును మిషన్ మీద ఏరుతరు. రాళ్లు, నల్ల బద్దలు, పొట్టు ఉండయి. మాది చాటల చెరిగి చేత్తో ఏరింది. కిలోల అక్కడక్కడ పొట్టు ఉన్న బద్ద, ఒక్కోసారి చిన్న రాయి వస్తది. రంగు కూడా అంతా ఒక్క తీరు ఉండదు. ఇంక మేము గోదాముల మందు పెట్టలేదు, అందుకే వానలు పడ్డంక పురుగు పట్టే అవకాశం ఉన్నది. ఎండబెట్టి, గాలి పోని డబ్బాల పెట్టుకొని, మూడు నాలుగు నెలల్ల వాడుకోవాలె.

"ఇవి రాస్తే ఎవరు కొంటరు?" అన్నడు వాడు. రాయకపోతే మొదటి సంచిలనే వాళ్లకు కనిపిస్తయి రా అన్న. పొట్టు బద్ద కనిపించినప్పుడు "ముందే చెప్పిండ్రు" అనుకునుడు వేరు, "మోసం చేసిండ్రు" అనుకునుడు వేరు. సరుకు అదే, కొన్నోళ్ల మాట మాత్రం మారిపోతది.

ఆర్గానిక్ అన్న మాట కూడా వాడు కొత్తగ చేర్చాలనుకున్నడు. సర్టిఫికెట్ లేదు కాబట్టి వద్దన్న. పీజీఎస్ గుంపుల ఉన్న రైతులకు ఆ గుర్తు ఉంటది, వాళ్లు రాసుకుంటరు. మనం ఏం చల్లినమో, ఎన్నిసార్లు చల్లినమో రాస్తే చాలు. మేము పూత టైముల కాయతొలిచే పురుగుకు ఒక్కసారి మందు కొట్టినం. అదే రాసినం. మందు కొట్టని రైతు ఎవరన్న ఉంటే ఈ విషయంల ఆయన పప్పు మా దానికంటే ముందున్నట్టే, చదివేటోళ్లు ఆయన దగ్గరికి పోతరు. పోనియ్యి.

ఆఖరికి పెట్టిన పోస్టు ఇది:

"కందిపప్పు. జహీరాబాద్ మండలం, నల్లరేగడి, ఈ వానాకాలం పంట. పూత టైములో ఒక్కసారి పురుగు మందు కొట్టినం. పొట్టు ఊడేందుకు కొద్దిగ నూనె రాసి చిన్న మరలో పట్టించినం, మెరుపు పాలిష్ లేదు, రంగు లేదు.

ఉడుకుడు: అరగంట నానబెట్టి, ఫిల్టర్ నీళ్లతో నాలుగు విజిళ్లు. బోరు నీళ్లకు ఇంకో రెండు మూడు. పాలిష్ లేని ఒక ప్యాకెట్ పప్పును పక్కన పెట్టి ఒకే కుక్కర్లో చూసినం, రెండూ దాదాపు ఒక్క తీరే ఉడికినయి.

ధర: ఇంటి దగ్గర కిలో 165. అయిదు కిలోలు హైదరాబాద్‌కు బస్సు కార్గోతో కలిపి 925, కిలోకు 185 పడుతది. ఈ వారం జహీరాబాద్ దుకాణంలో విడి పప్పు 150, పాలిష్ లేని ప్యాకెట్ 190. ఒకటి రెండు కిలోలే కావాలంటే మీ దగ్గరి దుకాణంలో కొనుడే మేలు.

చేత్తో ఏరింది, మిల్లు పప్పు అంత శుభ్రం, ఒక్క రంగు ఉండదు. వండే ముందు ఒకసారి చూసుకోండ్రి. మందు పెట్టలేదు, వానాకాలం లోపల వాడుకోండ్రి."

కింద తారీఖు, పేరు, ఊరు, ఫోన్ నంబరు. ఉడికించిన రోజు తీసిన మూడు గిన్నెల ఫోటో, దుకాణం చిట్టీలు, కార్గో రశీదు ఒక కవర్ల పెట్టి దాచినం. ఎవరన్న "ఎట్ల చెప్తున్నరు?" అని అడిగితే తీసి చూపెట్టనీకె. పోలిక రాసినోని దగ్గర చిట్టీ ఉండాలె, లేకుంటే ఆ లైను తీసేయాలె. వాడిప్పుడు దుకాణం ధరలు ప్రతి పదిహేను రోజులకు ఒకసారి పోయి చూసి మారుస్తున్నడు. మారిన తారీఖు కూడా రాస్తడు.

రేపు ఇంకెవరో రైతు తన పోస్టుల మన పప్పును తిట్టొచ్చు. అప్పుడేం చేయాలె అని కూడా పిల్లగాడు అడిగిండు. ఆయన తప్పు రాస్తే, ఫోన్ చేసి "అన్నా, నువ్వు రాసింది ఇట్ల కాదు, వచ్చి చూడు, ఒకే కుక్కర్ల పెట్టి చూద్దాం" అని చెప్పాలె. ఆయన పోస్టు కిందికి పోయి ఆయన పప్పును తిడితే, చదివే అక్కకు రెండు పప్పుల మీదా అనుమానం పుడుతది. ఆమె పోయి ప్యాకెట్ కొనుక్కుంటది. ఆ ప్యాకెట్‌లో పప్పు ఎవరి చేనుదో మనకు తెల్వదు, మనదే అయినా కావచ్చు.

మీ పోస్టుల్లో పోలికలు ఎట్ల రాస్తున్నరో కింద రాయండ్రి. బెల్లం వండేటోళ్లు, అల్లం అమ్మేటోళ్లు మీ సరుకును ఏ కొలతతో పోల్చి చూస్తరో చెప్తే మాకూ తెలుస్తది.